ఒకే మధ్యాహ్నం, ఇద్దరు మేనేజర్లు, రెండు అత్యవసర పనులు: ఏది ముందు?

ప్రశ్న: నాకు ఒక లైన్ మేనేజర్, ఒక ప్రాజెక్ట్ మేనేజర్ ఉన్నారు. ఒక్కోసారి ఇద్దరూ భోజనం వేళకు చెరొక పని ఇచ్చి, ఈ సాయంత్రమే కావాలంటారు. రెండూ కలిపితే అయిదు గంటలకు పైనే పడుతుంది. ఎవరికి కాదన్నా ఇబ్బందే. ఇలాంటప్పుడు ఏది ముందు చేయాలి? రెండో వారికి ఏమని చెప్పాలి?

సమాధానం:

నేను చాలా ఏళ్లు ఇద్దరు పైవాళ్లకు జవాబు చెప్పుకోవలసిన ఉద్యోగాలు చేశాను. ఇప్పుడు అలా పని ఇచ్చే ఇద్దరిలో ఒకడిగా ఉంటున్నాను. రెండు వైపులా ఉండి చూసిన మీదట నాకు అర్థమైనది ఇది: ఏది ముందు అన్న నిర్ణయం నిజానికి మీరు చేయవలసింది కాదు. రెండు పనులూ ఒకదానితో ఒకటి ఢీకొంటున్నాయన్న సంగతిని ఇద్దరికీ ఒకేసారి, గంటల లెక్కతో, రెండో పని చేతికి వచ్చిన ఇరవై నిమిషాల లోపు తెలియజేయడం మాత్రం మీరు తప్ప మరెవరూ చేయలేరు. ఎందుకంటే ఆ సమయానికి రెండు పనుల సంగతీ తెలిసిన మనిషి మీరొక్కరే. మొదటి మేనేజర్‌కు రెండో పని ఉందని తెలియదు, రెండో ఆయనకు మొదటిది ఉందని తెలియదు. ఎవరి లెక్కలో వారికి మీ మధ్యాహ్నం మొత్తం ఖాళీగానే ఉంటుంది.

ఈ సంగతి నాకు సులువుగా బోధపడలేదు. ఉద్యోగంలో చేరిన మూడో ఏట ఇలాంటి రోజే ఒకటి వచ్చింది. ఇద్దరితోనూ "అలాగేనండి, చేసేస్తాను" అన్నాను. కాసేపు ఇది, కాసేపు అది పట్టుకొని చేస్తూ, ఎలాగో నెట్టుకు రావచ్చనుకున్నాను. అయిదు గంటలు దాటేసరికి ఒక పని సగానికి కొంచెం ఇవతల, మరొకటి సగానికి కొంచెం అవతల ఉన్నాయి. ఆ సమయంలో మేనేజర్లిద్దరూ లిఫ్ట్ దగ్గర కలుసుకొని మాటల్లో నా పేరు తెచ్చుకున్నారు. తన పని ఆగిపోయింది ఎదుటివారి పని వల్లనని అక్కడే ఇద్దరికీ తెలిసింది. పని కానందుకు వారు పెద్దగా ఏమీ అనలేదు. ఒంటి గంటకే తెలిసిన సంగతిని అయిదున్నర దాకా కడుపులో దాచుకున్నందుకు మాత్రం ఇద్దరూ విడివిడిగా నిలదీశారు. వారి కోపం న్యాయమైనదేనని ఇప్పుడు ఒప్పుకుంటాను. ఒంటి గంటకు చెప్పి ఉంటే ఒకరు తన సమావేశాన్ని వాయిదా వేసుకునేవారు, లేదా ఇంకొకరిని సాయానికి పంపేవారు. అయిదున్నరకు ఆ దారులేవీ మిగల్లేదు.

కాసేపు ఇది, కాసేపు అది అన్న పద్ధతి ఎందుకు పనికిరాదో ఒక్కసారి లెక్క వేసుకుంటే మళ్లీ దాని జోలికి వెళ్లరు. మొదటి పనికి మూడు గంటలు, రెండో పనికి రెండున్నర గంటలు పడుతుందనుకుందాం. ఒకటిన్నరకు కూర్చొని ముందు రెండో పని పూర్తిగా ముగించి, ఆపైన మొదటి పని పట్టుకుంటే, రెండోది నాలుగు గంటలకు, మొదటిది ఏడు గంటలకు పూర్తవుతాయి. అలా కాకుండా రెండో పనితోనే మొదలుపెట్టి, అరగంట ఇది, అరగంట అది చొప్పున మార్చుకుంటూ పోతే రెండో పని ఆరు గంటలకు, మొదటిది ఏడు గంటలకు పూర్తవుతాయి. అంటే మొదటి పనికి ఒక్క నిమిషం కూడా కలిసిరాలేదు, రెండో పని మాత్రం ఉత్తినే రెండు గంటలు ఆలస్యమైంది. పని మారిన ప్రతిసారీ "ఇందాక ఎక్కడ ఆపాను" అని వెతుక్కోవడానికి పట్టే సమయాన్ని ఇందులో కలపనేలేదు. సోఫీ లెరోయ్ అనే పరిశోధకురాలు 2009లో ఈ సంగతి మీదనే ఒక అధ్యయనం ప్రచురించారు. ఒక పనిని మధ్యలో వదిలి మరొక దానికి మళ్లినప్పుడు మనసులో కొంత భాగం పాత పని దగ్గరే ఉండిపోతుందని, దానివల్ల కొత్త పని నాణ్యత తగ్గుతుందని ఆమె చూపారు. ఇద్దరికీ సమంగా న్యాయం చేస్తున్నామన్న తృప్తి కోసం మనం ఎంచుకునే ఈ పద్ధతి చివరికి ఒకరికి నష్టం చేస్తుంది, రెండో వారికి లాభమూ చేయదు.

ఇక ఆ ఇరవై నిమిషాల్లో ఏం చేయాలో ఒక మధ్యాహ్నాన్ని తీసుకొని చెబుతాను. ఇది మా బృందంలో ఒక అమ్మాయికి ఎదురైన సందర్భం. ఆమె దాన్ని చక్కబెట్టిన తీరు నేను చేసి ఉండగలిగిన దానికన్నా బాగుంది. ఆ ఇద్దరు మేనేజర్లలో నేనొకడిని, ఆమె లైన్ మేనేజర్‌ని.

నేను 12:50కి ఆమెకు మూడు నెలల ఖర్చుల నివేదిక అప్పగించి, అయిదు గంటలకు కావాలన్నాను. రెండు పేజీల సారాంశం, దాని వెనుక విభాగాల వారీ పట్టికలు, అన్నీ కలిపి మూడు గంటల పని. 1:10కి ప్రాజెక్ట్ మేనేజర్ నుంచి ఆమెకు మరొక పని వచ్చింది. ముందు రోజు రాత్రి నడిపిన సాఫ్ట్‌వేర్ పరీక్షల్లో నలభై విఫలమయ్యాయి, ఒక్కొక్కటీ ఎందుకు విఫలమైందో చూసి, వర్గీకరించి, నాలుగున్నరకు క్లయింట్‌తో ఉన్న కాల్‌లోపు పట్టిక పంపాలి. అది రెండున్నర గంటల పని. ఇద్దరమూ మా సందేశాల్లో "అత్యవసరం" అనే రాశాం. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే ఏది ఎక్కువ అత్యవసరమో ఎవరూ చెప్పలేరు.

ఆమె ముందుగా తన చేతిలో నిజంగా ఎంత సమయం ఉందో చూసుకున్నది. చాలామంది ఇక్కడే పొరబడతారు. 1:10 నుంచి ఆరు దాకా అంటే అయిదు గంటలున్నాయని అనుకుంటారు. నిజానికి ఉన్నది నాలుగు గంటల యాభై నిమిషాలు. అందులో మూడు గంటలకు అరగంట బృంద సమావేశం ఉంది. ఈ లెక్కలు తేల్చుకొని సందేశాలు రాసుకోవడానికి ఇరవై నిమిషాలు పోతాయి. ఫోన్లకు, పక్కనుంచి అడిగేవారికి ఇంకో అరగంట తీసేయాలి, ఎందుకంటే అది ఏ రోజూ తప్పదు. మిగిలింది మూడున్నర గంటలు, పనులు అయిదున్నర గంటలవి. లోటు రెండు గంటలు. ఈ "రెండు గంటలు" అన్న అంకె చాలా ముఖ్యం. "చాలా పని ఉందండి" అని చెబితే ఎదుటివారికి అది సణుగుడులా వినిపిస్తుంది, "రెండు గంటలు చాలడం లేదు" అని చెబితే దాన్ని ఎక్కడ సర్దుదామా అని వారే ఆలోచించడం మొదలుపెడతారు.

తర్వాత ఆమె మా ఇద్దరికీ విడివిడిగా ఒకే ప్రశ్న పంపింది: "ఇది అందిన వెంటనే దీన్ని ఎవరు, ఎన్ని గంటలకు తెరిచి చూస్తారండీ? దీన్ని చూసి వారు ఏం తేల్చుకోవాలి?" ఈ మధ్యాహ్నం మొత్తంలో ఆమె చేసిన అత్యంత తెలివైన పని ఇదేనని నా ఉద్దేశం. "ఇది నిజంగా అత్యవసరమేనా?" అని అడిగితే ఎవరైనా అవుననే అంటారు, పైగా తమ మాటను శంకిస్తున్నారని కొంచెం నొచ్చుకుంటారు కూడా. "ఎవరు, ఎప్పుడు తెరుస్తారు" అని అడిగితే మాత్రం మనిషి ఆగి ఆలోచించి వాస్తవం చెప్పవలసి వస్తుంది. నా విషయంలో అదే జరిగింది. నివేదికను చూడవలసిన డైరెక్టర్ గారు మర్నాడు తొమ్మిదిన్నరకు గానీ దాన్ని తెరవరు. అయిదు గంటలన్నది ఆ రాత్రి నేను ఒకసారి చదువుకోవడం కోసం, ఎందుకైనా మంచిదని, నేను వేసుకున్న వెసులుబాటు. రాత్రికి నేను చదవవలసింది కూడా ఆ రెండు పేజీల సారాంశమే, పట్టికలు ఉదయానికి ఉంటే చాలు. అటు ప్రాజెక్ట్ మేనేజర్ జవాబు వేరు. నాలుగున్నర కాల్‌లో ఆ రాత్రి కొత్త వెర్షన్ విడుదల చేయాలా, ఆపాలా అన్నది తేలాలి. కాల్ జరపలేరు, అవతల ఇంకా ఆరుగురు ఉంటారు. అయితే ఆ నిర్ణయానికి కావలసింది చెల్లింపులకు సంబంధించిన 11 వైఫల్యాల వివరం మాత్రమే. మిగిలిన 29 మర్నాటి మధ్యాహ్నానికి ఉన్నా నష్టం లేదు.

గడువులు ఇలా ఉండటం అరుదేమీ కాదు. మేనేజర్లు చెప్పే వేళల్లో చాలావాటికి వెనుక కొంత దిండు, అంటే ఎందుకైనా మంచిదని వేసుకున్న వెసులుబాటు, ఉంటుంది. దాన్ని పెట్టడం తప్పని నేను అనను, నేనూ పెడతాను. పని చేసేవారికి అది కనిపించకపోవడమే చిక్కు. గడువు ముందున్న పనిని ముందు చేయడమన్నది అందరికీ తోచే సూత్రమే. ఒకే యంత్రం మీద అనేక పనులను వరుస పెట్టేటప్పుడు, గడువుల క్రమంలో చేస్తే అన్నిటికన్నా ఎక్కువ ఆలస్యమయ్యే పని ఆలస్యం వీలైనంత తగ్గుతుందని 1955లో జె. ఆర్. జాక్సన్ అనే పరిశోధకుడు గణితపరంగా నిరూపించారు కూడా. కానీ ఆ సూత్రంలోకి ఎక్కించే గడువులు నిజమైనవై ఉండాలి. ఇద్దరిలో ఎవరు ఎక్కువ దిండు పెట్టుకున్నారో తెలియకుండా వరుస పెడితే, ముందుచూపుతో వెసులుబాటు ఉంచుకున్న మనిషి గెలుస్తాడు, ఉన్నది ఉన్నట్టు చెప్పిన మనిషి నష్టపోతాడు.

అసలు గడువు తెలియగానే పని పరిమాణం కూడా మారిపోయిందని గమనించండి. ఆమె వేసుకున్న లెక్క ఇది: చెల్లింపుల వైఫల్యాలు జాగ్రత్తగా చూడాలి కాబట్టి ఒక్కొక్క దానికి ఆరు నిమిషాలు, మిగిలినవాటికి మూడేసి నిమిషాలు. 11కి 66 నిమిషాలు, 29కి 87 నిమిషాలు, మొత్తం దాదాపు రెండున్నర గంటలు. అందులో ఈ రోజు తప్పనిసరి అయినవి 66 నిమిషాలే, కొంచెం సందు ఉంచుకుంటే గంటంపావు. నివేదికలో సారాంశానికి గంటన్నర, పట్టికలకు గంటన్నర. ఈ రోజు తప్పనిసరి అయినది మొదటి గంటన్నర. వెరసి ఈ రోజు కచ్చితంగా జరగవలసిన పని అయిదున్నర గంటల నుంచి రెండు గంటల నలభై అయిదు నిమిషాలకు దిగింది. రెండు గంటల లోటు పోయి ముప్పావు గంట మిగులు వచ్చింది. ప్రతిసారీ ఇంత అందంగా తేలదు. ఒక్కోసారి రెండు గడువులూ రాతి మీద చెక్కినట్టే ఉంటాయి, ఆ సందర్భానికి కాసేపట్లో వస్తాను. కానీ అడగకముందే అలాంటిదేనని అనుకోవడం తొందరపాటు.

ఆ తర్వాత ఆమె మా ఇద్దరినీ కలిపి 1:30కి పంపిన సందేశం ఇది. దీన్ని ఉన్నదున్నట్టు ఇస్తున్నాను, ఎందుకంటే ఇందులో ప్రతి వాక్యానికీ ఒక పని ఉంది.

"ఇద్దరికీ నమస్కారం అండి. ఈ మధ్యాహ్నం నా దగ్గర ఖర్చుల నివేదిక (3 గంటలు), పరీక్షల పట్టిక (2.5 గంటలు) ఉన్నాయి. నాకు ఉన్నది 3.5 గంటలు, రెండూ పూర్తిగా కావు. మీరు చెప్పినదాన్ని బట్టి ఇలా అనుకుంటున్నాను: ముందు చెల్లింపుల వైఫల్యాలు 11, వాటి పట్టిక 2:45కి. తర్వాత నివేదిక సారాంశం, 5:00కి. విభాగాల పట్టికలు రేపు ఉదయం 9:15కి, మిగిలిన 29 వైఫల్యాలు రేపు 12:00కి. వరుస మార్చాలంటే మీరిద్దరూ మాట్లాడుకొని 1:45లోపు ఇక్కడే చెప్పండి. అప్పటిదాకా ఈ వరుసలోనే మొదలుపెడుతున్నాను."

మొదటగా, సందేశం ఇద్దరికీ కలిపి వెళ్లింది. విడివిడిగా పంపి ఉంటే ఇద్దరమూ విడివిడిగా "నాది ముందు చెయ్యి" అనేవాళ్లం, ఆమె మళ్లీ మొదటికి వచ్చేది. రెండోది, ఆమె ఎవరి పనినీ తక్కువ చేయలేదు, ఏది ముఖ్యమో చెప్పలేదు, వేళలు మాత్రమే చెప్పింది. మూడోది, "ఏం చేయమంటారు?" అని ప్రశ్నను మా మీదికి విసిరి కూర్చోలేదు. ఒక వరుస తానే పెట్టి, అభ్యంతరం ఉంటే చెప్పమంది. ఇద్దరు బిజీ మనుషులకు ఖాళీ ప్రశ్న పంపితే నాలుగింటి దాకా జవాబు రాకపోవచ్చు. సిద్ధంగా ఉన్న వరుస పంపితే, ఒప్పుకునేవారు ఒక్క మాటతో ఒప్పుకుంటారు, ఒప్పుకోనివారు వెంటనే స్పందిస్తారు. నాలుగోది, మార్చాలంటే మీరిద్దరూ మాట్లాడుకోండి అని మర్యాదగా చెప్పడం. ఇది రాయడానికి చిన్న ఉద్యోగులకు జంకుగా ఉంటుందని నాకు తెలుసు. కానీ ఈ వాక్యం లేకపోతే ఇద్దరి మధ్యా రాయబారం నడిపే పని మీ నెత్తిన పడుతుంది. రాయబారంలో పోయే అరగంట కూడా మీ మూడున్నర గంటల్లోనిదే.

వరుస పెట్టేటప్పుడు ఆమె దేన్ని ముందు పెట్టిందో, ఎందుకు పెట్టిందో కూడా చెప్పాలి. ఎవరి హోదా పెద్దదన్నది ఆమె చూడలేదు. నేను ఆమె లైన్ మేనేజర్‌ని, ఆమె వార్షిక మదింపు నా చేతిలోనే ఉంటుంది, అయినా నా పనిని వెనక్కి నెట్టింది. ఆలస్యమైతే వెనక్కి తెచ్చుకోలేనిది ఏదో చూసింది. నాలుగున్నర కాల్ దాటిపోతే ఆ నిర్ణయం సమాచారం లేకుండానే జరిగిపోతుంది. నా సారాంశం ఆరింటికి వస్తే నేను కొంచెం ఆలస్యంగా చదువుతాను, అంతే. ఇక రెండూ ఒకే రకంగా ఉన్నప్పుడు, ఎవరి పని కోసం ఎక్కువమంది ఇతరులు చేతులు ముడుచుకొని కూర్చుంటారో అది ముందు పెట్టడం నాకు తెలిసిన మంచి మార్గం. ఎవరి గొంతు పెద్దది, ఎవరు రెండుసార్లు ఫోన్ చేశారు అన్నవి కొలమానాలు కావు. వాటికి లొంగితే రేపటి నుంచి అందరూ రెండుసార్లు ఫోన్ చేస్తారు.

మళ్లీ కథలోకి వస్తే, ప్రాజెక్ట్ మేనేజర్ రెండు నిమిషాల్లో సరేనన్నారు. నేను సమావేశంలో ఉండి 1:45 దాటాక చూశాను, అప్పటికే ఆమె పని మొదలుపెట్టేసింది. నాకు అభ్యంతరం లేకపోయింది. ఒకవేళ ఉండి ఉంటే, నేను ఆమెకు వ్యక్తిగత సందేశం పంపి "వాళ్లది తర్వాత చూడు, ముందు నాది కానివ్వు" అనేవాడినేమో. మేనేజర్లు చాటుగా ఇలా ఒత్తిడి పెట్టడం తరచూ జరుగుతుంది, ఇక్కడే చాలామంది జారిపోతారు. అలాంటి సందేశం వస్తే చాటున జవాబివ్వకుండా, ఉమ్మడి సందేశం కిందే రాయండి: "నివేదిక ముందు కావాలని ఇప్పుడే సూచన వచ్చిందండి. అలా చేస్తే వైఫల్యాల పట్టిక 4:45 దాటుతుంది, కాల్‌కు అందదు. ఇద్దరూ సరేనంటే మారుస్తాను." ఇందులో ఎవరి మీదా ఫిర్యాదు లేదు. వరుస మారితే దాని ఖర్చు ఎవరి ఖాతాలో పడుతుందో ఆ వ్యక్తి కళ్ల ముందు ఉంచడం మాత్రమే ఉంది.

అనుకున్నట్టే అంతా జరిగిందని అంటే మీరు నమ్మరు, నిజంగానే జరగలేదు. 2:15కి, అంటే పని మొదలైన నలభై అయిదు నిమిషాలకు, ఆమె ఆగి లెక్క చూసుకున్నది. ఒక్కొక్కటి ఆరు నిమిషాల చొప్పున ఏడు అయి ఉండాలి, నాలుగే అయ్యాయి. కొన్ని పరీక్షలకు లాగ్ ఫైళ్లు సరిగా భద్రం కాలేదు, వాటి కోసం వెతకవలసి వచ్చింది. అంటే ఒక్కొక్క దానికి పదకొండు నిమిషాలకు పైగా పడుతోంది. మిగిలిన ఏడింటికి అదే వేగం వేసుకుంటే ఇంకా దాదాపు 80 నిమిషాలు. మధ్యలో మూడింటి సమావేశం వస్తే పట్టిక నాలుగు దాటాక గానీ కాదు. కాల్‌కు అందుతుంది కానీ, నా సారాంశం అయిదున్నర దాటుతుంది.

ఇలాంటప్పుడు మనకు సహజంగా కలిగే ఆలోచన, "మిగతావి తొందరగా అయిపోతాయిలే" అని. అవి ఎప్పుడూ తొందరగా అవవు. అప్పటిదాకా నడిచిన వేగమే మిగిలిన పనికీ ఉంటుందని లెక్క వేసుకోవడమే నిజాయతీ. ఆమె అదే లెక్కతో 2:17కి ఇద్దరికీ రాసింది: "లాగ్‌లు దొరక్క ఆలస్యమవుతోంది. పట్టిక 4:05కి ఇస్తాను, కాల్‌కు ఇబ్బంది లేదు. సారాంశం 5:35 అవుతుంది. మూడింటి సమావేశం నుంచి మినహాయిస్తే పట్టిక 3:35కి, సారాంశం 5:05కి ఇవ్వగలను." ఆ సమావేశం పెట్టినది నేనే. రావద్దని చెప్పడానికి నాకు పది సెకన్లు పట్టింది. ఇదే కబురు నాకు 4:50కి అంది ఉంటే నా దగ్గర ఇవ్వడానికి ఏమీ ఉండేది కాదు. పని మూడోవంతు నడిచేసరికి ఒకసారి ఆగి వేగం చూసుకోవడం ఆమె అలవాటు. ఆ రోజు నుంచి అది నా అలవాటు కూడా అయింది.

ఇప్పుడు రెండు గడువులూ కదలని సందర్భం గురించి. ప్రశ్నలు అడిగాక కూడా రెండూ అయిదింటికే నిజంగా కావాలి, తగ్గించగలిగింది తగ్గించాక కూడా లోటు మిగిలింది, ఇద్దరు మేనేజర్లూ ఒప్పుకోవడం లేదు, లేదా ఇద్దరూ మౌనంగా ఉన్నారు. మౌనం ఉంటే మీరు చెప్పిన వరుసలోనే సాగండి, మళ్లీ అనుమతి అడగకండి. వేళ దాటాక వచ్చిన అభ్యంతరానికి "ఇప్పుడు మారిస్తే ఇప్పటిదాకా చేసిన ఇంత పని ఆగిపోతుంది" అని లెక్క చెప్పి, మార్చమంటే మార్చండి. స్పష్టమైన విభేదం ఉంటే, అది వారిద్దరికీ పైనున్న మనిషి తీర్చవలసినది. అక్కడికి వెళ్లడానికి ముందు ఇద్దరికీ ఒక మాట చెప్పి వెళ్లాలి, వారి వెనుక వెళ్లకూడదు. సందేశం మూడు నాలుగు వాక్యాలు దాటకూడదు: రెండు పనులు, వాటికి పట్టే సమయం, ఉన్న సమయం, ఏది ఆగితే ఏమవుతుంది. ఎవరు ఏమన్నారన్నది అందులో ఉండకూడదు. అది చదివిన పై అధికారి వరుస చెప్పవచ్చు, గడువు జరపవచ్చు, మరొకరిని పంపవచ్చు. ఇందులో మూడోది మనం ఆశించిన దానికన్నా ఎక్కువసార్లు జరుగుతుంది. అయితే సాయానికి వచ్చే మనిషికి సంగతి వివరించడానికి పట్టే సమయాన్ని మరచిపోకండి. రెండు గంటల పనికి నలభై నిమిషాల వివరణ కావాలంటే ఆ సాయం పెద్దగా సాయం కాదు. 29 వైఫల్యాల వంటి, ముక్కలుగా విడగొట్టగలిగే పనిని అప్పగించండి, సారాంశం రాయడం వంటి దాన్ని మీ దగ్గరే ఉంచుకోండి.

ఈ తతంగమంతా అక్కరలేని సందర్భాలూ ఉన్నాయి. నడుస్తున్న వ్యవస్థ ఆగిపోయి వాడుకరులు ఇబ్బంది పడుతుంటే, మనుషుల భద్రతకు సంబంధించినదైతే, చట్టం విధించిన సమర్పణ గడువు ఆ రోజే ముగుస్తుంటే, ఆ పని ముందు పట్టుకోండి. రెండో వారికి ఒక్క వాక్యం పంపి పనిలో పడండి. ఇలాంటివి ఎప్పుడూ ముందుంటాయని అందరికీ తెలిసి ఉండటం మంచిది, కాబట్టి ఏదో ప్రశాంతమైన రోజున ఇద్దరు మేనేజర్లతోనూ ఆ చిన్న జాబితా ఒప్పించుకోండి. అయిదు నిమిషాల సంభాషణ అది.

ఇంకొక మాట, ఇది మీ ప్రశ్నలో "ఒక్కోసారి" అన్న మాట చూసి చెబుతున్నాను. నెలకు ఒకసారి ఇలా జరిగితే పైన చెప్పినది చాలు. వారానికి రెండుసార్లు జరుగుతుంటే మాత్రం, మీరు ఎంత చక్కగా సందేశాలు రాసినా లాభం లేదు, ఎందుకంటే మీ సమయాన్ని ఇద్దరూ పూర్తిగా తమదే అనుకుంటున్నారు. ఒక మనిషికి ఒకే పైఅధికారి నుంచి ఆదేశాలు రావాలని ఫ్రాన్స్‌కు చెందిన నిర్వహణ నిపుణుడు హెన్రీ ఫేయోల్ 1916లోనే పాలనా సూత్రాల్లో చేర్చారు. ప్రాజెక్టుల వారీగా, విభాగాల వారీగా ఇద్దరేసి మేనేజర్లను పెట్టే సంస్థలు ఆ సూత్రాన్ని తెలిసే పక్కన పెట్టాయి. అలా పెట్టినందుకు చెల్లించవలసిన ధర మీ మధ్యాహ్నాల నుంచి వసూలవుతోంది. అలాంటప్పుడు మూడు వారాల పాటు, ఎప్పుడు ఏ రెండు పనులు ఢీకొన్నాయో, ఎన్ని గంటల లోటు వచ్చిందో, చివరికి ఏది ఆగిందో, ఒక్కొక్క దానికి ఒక్క వరుస చొప్పున రాసి ఉంచండి. ఆ కాగితంతో ఇద్దరినీ కూర్చోబెట్టి, వారంలో నా రోజులు ఎవరికి ఎన్ని అని అడగండి. సోమ, మంగళ, బుధ మధ్యాహ్నాలు ఒకరివి, గురు, శుక్ర మరొకరివి అన్నంత మొరటు విభజన అయినా ఫరవాలేదు. తమది కాని మధ్యాహ్నం కావలసినవారు మిమ్మల్ని కాకుండా, ఆ మధ్యాహ్నం ఎవరిదో వారిని అడుగుతారు.

మా బృందంలో ఆ అమ్మాయి అలాంటి కాగితమే తెచ్చింది. మూడు వారాల్లో తొమ్మిది వరుసలు, వాటిలో ఆరు నా వల్ల వచ్చినవి. నా దిండు గడువులే కారణం. అప్పటి నుంచి నేను పని ఇచ్చేటప్పుడు రెండు వేళలు రాస్తున్నాను: నాకు ఎప్పటికి కావాలి, దాన్ని చూడవలసినవారు ఎప్పుడు తెరుస్తారు.